స్టాప్ మోషన్‌లో మొదటి షాట్: ఫ్రేములు, లైటింగ్, బొమ్మ నిలకడ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బొమ్మని కొంచెం కొంచెం కదుపుతూ ఒక్కో ఫొటో తీసి, వాటిని వరసగా ఆడించి కదలిక పుట్టించడమే స్టాప్ మోషన్. అది మొదలుపెట్టినవాళ్ల దగ్గర్నుంచి మళ్లీ మళ్లీ వచ్చే డౌట్లు దాదాపు ఇవే. ఎన్ని ఫొటోలు తీయాలి, వీడియో ఎందుకు మినుకుమంటోంది, బొమ్మ ఎందుకు పడిపోతోంది. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇరవై సెంటీమీటర్ల బొమ్మ, ఒక టేబుల్, రెండు లైట్లు, ఫోన్ గానీ మామూలు కెమెరా గానీ ఉన్నాయనుకుని రాశాను. ఏ ప్రశ్నకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు, వరసగా చదవాల్సిన పని లేదు.

## షూట్‌కి ముందు: ఫ్రేముల లెక్క

సెకనుకి 24 ఫొటోలు తీయాల్సిందేనా? 12 తీస్తే సరిపోదా?

12 సరిపోతాయి, మొదట్లో 12 తీయడమే మంచిది కూడా. వీడియో సెకనుకి 24 ఫ్రేముల చొప్పున ఆడుతుంది గానీ మీరు తీసిన ఒక్కో ఫొటో రెండు ఫ్రేముల పాటు నిలుస్తుంది. దీన్నే టూస్ మీద తీయడం అంటారు. ప్రతి ఫ్రేముకీ వేరే ఫొటో తీస్తే అది వన్స్.

వన్స్‌లో పని రెట్టింపు అవుతుందనేది ఒక్కటే ఇబ్బంది కాదు. ఒక్కో ఫొటోకి బొమ్మని కదపాల్సిన దూరం సగానికి తగ్గిపోతుంది. టూస్‌లో ఆరు మిల్లీమీటర్లు కదిపేచోట వన్స్‌లో మూడే కదపాలి. అలవాటు లేని చేతికి ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అవడం మామూలే. ఆరులో ఒకటి తేడా వస్తే కంటికి ఆనదు, మూడులో ఒకటి తేడా వస్తే బొమ్మ వణుకుతున్నట్టు కనిపిస్తుంది. కాబట్టి కొత్తవాళ్లు 24 తీస్తే కదలిక మరీ నున్నగా వస్తుందనుకోవడం పొరపాటు, చాలాసార్లు వణుకు ఎక్కువవుతుంది.

అయితే చెయ్యి విసురుగా తెర ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లేటప్పుడు, కెమెరా కూడా కదిలేటప్పుడు టూస్ కుదుపుగా కనిపిస్తాయి. ఆ కాసేపు వన్స్‌కి మారి మళ్లీ టూస్‌కి వచ్చేయొచ్చు.

ఒక్క జాగ్రత్త. యాప్‌లో ప్రాజెక్టు 12 మీద ఉంటే ఒక ఫొటో అంటే ఒక ఫ్రేమే. 24 మీద ఉంటే ప్రతి ఫొటోనీ రెండు ఫ్రేములు నిలబెట్టమని మీరే చెప్పాలి. ఇది చూసుకోకపోతే బొమ్మ రెట్టింపు వేగంతో పరిగెడుతుంది.

ఒక సీన్‌కి ఎన్ని ఫొటోలు పడతాయో ముందే ఎలా తెలుస్తుంది?

మీరే లేచి నటించి చూడండి, ఎవరినైనా స్టాప్‌వాచ్ పట్టుకోమనండి. ఎంతసేపు పట్టిందో దాన్ని 12తో గుణిస్తే టూస్ మీద ఫొటోల సంఖ్య వస్తుంది. కానీ మొత్తం తెలిస్తే చాలదు, ఏ ముక్కకి ఎన్నో పంచుకోవాలి. అసలు ఉపయోగం అక్కడే ఉంది.

ఒక షాట్ వేసి చూద్దాం. బొమ్మ ఎడమ వైపు నుంచి వచ్చి, నాలుగు అడుగులు వేసి, ఒక పెట్టె ముందు ఆగి, తల తిప్పి దాన్ని చూస్తుంది. మొత్తం 6 సెకన్లు, అంటే 72 ఫొటోలు.

మొదట ఖాళీ సెట్ అర సెకను కనిపించాలి, 6 ఫొటోలు. నాలుగు అడుగులకి అడుగుకి 8 చొప్పున 32. ఆగగానే ఒళ్లు కొంచెం ముందుకి తూలి సర్దుకోవడానికి 4. అక్కడ కాసేపు నిలబడాలి, దానికి 10. తల తిప్పడానికి 6. పెట్టెని చూస్తూ ఉండిపోవడానికి 14. కలిపితే సరిగ్గా 72.

ఈ లెక్కలో చూడండి, బొమ్మ నిలబడి ఉండే ఫొటోలే 24 ఉన్నాయి, అంటే మూడో వంతు. కొత్తవాళ్లు ఈ నిలుపుల దగ్గరే పిసినారితనం చేస్తారు, ఎప్పుడూ ఏదో ఒకటి కదులుతూ ఉండాలనుకుంటారు. ఆగిన బొమ్మని చూసేవాళ్లు గుర్తించడానికి కనీసం నాలుగైదు ఫొటోలు పడతాయి, అంతకంటే తక్కువైతే అది ఆగినట్టు కాదు, తడబడినట్టు కనిపిస్తుంది. నిలుపుల్లో కూడా ఒకే ఫొటోని కాపీ చేయకుండా ప్రతిసారీ కొత్తగా తీయండి. కాపీ చేస్తే చిత్రంలో ఉండే సన్నటి గరుకుదనం కూడా గడ్డకట్టినట్టు ఆగిపోతుంది, ఆ తేడా కంటికి పట్టేస్తుంది.

ఈ లెక్కని కాగితం మీద 1 నుంచి 72 వరకు నంబర్లు వేసి పక్కనే రాసుకోండి, కెమెరా దగ్గర అంటించుకోండి. నలభయ్యో ఫొటో దగ్గర ఫోన్ మోగినా ఎక్కడున్నారో మర్చిపోరు.

నా బొమ్మ నడిస్తే జారుతున్నట్టు ఉంటోంది, లేదా పరిగెడుతున్నట్టు ఉంటోంది. ఎందుకు?

పరిగెడుతున్నట్టు ఉంటే అడుగుకి ఫొటోలు తక్కువ పడ్డాయని అర్థం. మామూలు చురుకైన నడకకి ఒక అడుగు అర సెకను, టూస్ మీద 6 ఫొటోలు. తీరిగ్గా నడిచే మనిషికి 8. నాలుగుకి తగ్గితే పరుగులాంటిదే.

జారుతున్నట్టు ఉంటే కారణం వేరు. నేల మీద ఆనిన పాదం ఫొటోకీ ఫొటోకీ కొంచెం కదులుతోంది. ఆ పాదం మేకు కొట్టినట్టు ఉండాలి, ఒళ్లు దాని మీదుగా ముందుకి వెళ్లాలి.

దూరాలు ఇలా ఉంటాయి. ఇరవై సెంటీమీటర్ల బొమ్మకి అడుగు 5 సెంటీమీటర్లు అనుకోండి. 8 ఫొటోల్లో నడుము 5 సెంటీమీటర్లు ముందుకి రావాలి, అంటే ఫొటోకి సుమారు 6 మిల్లీమీటర్లు. కానీ గాల్లో ఉన్న పాదం వెనక నుంచి బయలుదేరి ముందుకి వెళ్లి ఆనాలి కాబట్టి అదే సమయంలో 10 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. నడుమునీ పాదాన్నీ ఒకే దూరం కదిపేవాళ్లు చాలామంది ఉన్నారు, అలా చేస్తే కాలు ఎప్పటికీ ముందుకి చేరదు.

ఇంకొకటి, నడుము ఒకే ఎత్తులో ఉండదు. రెండు పాదాలూ నేల మీద చాచి ఉన్నప్పుడు కిందకి ఉంటుంది, ఒక కాలు రెండో దాన్ని దాటేటప్పుడు పైకి లేస్తుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడా అంతే, కానీ అది లేకపోతే బొమ్మకి బరువు ఉన్నట్టు అనిపించదు.

ప్రతిసారీ సమానంగా కదుపుతున్నా రోబోలా ఎందుకు ఉంటోంది?

సమానంగా కదుపుతున్నారు కాబట్టే. ప్రాణం ఉన్నది ఏదీ ఒకే వేగంతో మొదలై ఒకే వేగంతో ఆగదు. తల 40 డిగ్రీలు తిప్పడానికి 6 ఫొటోలు ఉన్నాయనుకుంటే 3, 7, 10, 10, 7, 3 డిగ్రీల చొప్పున తిప్పండి. మొదలు నెమ్మది, మధ్యలో వేగం, చివర నెమ్మది. తల కదలడానికి ఒక ఫొటో ముందే కళ్లు అటు తిరిగితే ఇంకా బాగుంటుంది. ముందు చూపు వెళ్తుంది, తర్వాత తల వెళ్తుంది.

## లైటింగ్ నిలకడ

లైటు ముట్టుకోలేదు, అయినా వీడియో మినుకుమంటోంది. తప్పు ఎక్కడుంది?

ఊహించడం మానేసి ఒక పరీక్ష చేయండి. సెట్ మీద ఏమీ కదపకుండా, రిమోట్‌తో గానీ టైమర్‌తో గానీ, మీరు గది బయట ఉండి 24 ఫొటోలు తీయించండి. వాటిని ఆడించి చూడండి.

అప్పుడు కూడా మినుకుమంటే లోపం కెమెరాలోనో లైట్లలోనో ఉంది. మినుకు ఎలా ఉందో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. చిత్రం మొత్తం వెలుతురు పెరుగుతూ తగ్గుతూ ఉంటే ఎక్స్‌పోజర్ ఆటోలో ఉన్నట్టు. రంగు పసుపుకీ నీలానికీ మధ్య ఊగుతుంటే వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉన్నట్టు. చిత్రం మీద అడ్డంగా చారలు కదులుతుంటే షట్టర్ వేగానికీ కరెంటుకీ పొంతన లేదు.

చారల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 50 హెర్ట్జ్ కరెంటుతో నడిచే చాలా లైట్లు సెకనుకి 100 సార్లు పెరిగి తగ్గుతాయి, కంటికి తెలియదు గానీ కెమెరాకి తెలుస్తుంది. అందుకని షట్టర్ 1/100, 1/50, 1/25 లాంటి వేగాల్లో పెట్టుకోవాలి. 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/120, 1/60, 1/30. స్టాప్ మోషన్‌లో బొమ్మ కదలకుండా కూర్చుంటుంది కాబట్టి అర సెకను షట్టర్ పెట్టినా నష్టం లేదు, పైగా అంతసేపట్లో ఈ హెచ్చుతగ్గులన్నీ కలిసిపోయి సగటు వెలుతురు పడుతుంది. కాకపోతే కెమెరా స్టాండు మీద ఉండాలి, షట్టర్ చేత్తో నొక్కకూడదు.

పరీక్షలో మినుకు రాలేదు, మీరు షూట్ చేస్తున్నప్పుడే వస్తోందా? అయితే కారణం మీరే. తెల్ల చొక్కా వేసుకుని సెట్ పక్కన నిలబడితే చొక్కా మీద పడిన వెలుతురు తిరిగి బొమ్మ మీద పడుతుంది. మీరు ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా ఉంటే ఆ వెలుతురు మారిపోతుంది. నల్ల బట్టలు వేసుకోండి, ఫొటో తీసే ప్రతిసారీ ఒకే చోటికి వచ్చి నిలబడండి, నేల మీద టేపుతో గుర్తు పెట్టుకోండి. దగ్గర్లో ఉన్న ల్యాప్‌టాప్ తెర కూడా ఇలాగే మోసం చేస్తుంది, దాన్ని సెట్ వైపు కాకుండా తిప్పి పెట్టండి.

ఫోన్‌తో తీస్తున్నాను. ఏమేం లాక్ చేయాలి?

ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ ఈ మూడూ లాక్ అవ్వాలి, హెచ్‌డీఆర్ ఆపెయ్యాలి. ఐఫోన్‌లో మామూలు కెమెరాలో తెర మీద వేలు నొక్కి పట్టుకుంటే AE/AF LOCK అని వస్తుంది, కానీ అది వైట్ బ్యాలెన్స్ సంగతి మీ చేతికి ఇవ్వదు. అందుకే Stop Motion Studio లాంటి, అన్నీ చేత్తో పెట్టుకునే వీలున్న యాప్ వాడటం నయం. ఐఎస్‌ఓ వీలైనంత తక్కువలో ఉంచి, వెలుతురు చాలకపోతే షట్టర్ నిదానం చేయండి. బొమ్మని అటూ ఇటూ మార్చి చూస్తూ లాక్ చేయకండి, బొమ్మ తన మొదటి స్థానంలో ఉన్నప్పుడే లాక్ చేసి ఆ షాట్ అయ్యేదాకా ముట్టుకోవద్దు. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి చార్జర్ తగిలించే మొదలుపెట్టండి, మధ్యలో తగిలిస్తే ఫ్రేము జరిగిపోతుంది.

పెద్ద కెమెరాలో అన్నీ మాన్యువల్‌లో పెట్టాను. అయినా కొంచెం మినుకు మిగిలింది!

అది లెన్స్ లోపలి అపర్చర్ వల్ల, అంటే వెలుతురు వచ్చే దారిని పెంచి తగ్గించే రేకుల వల్ల కావచ్చు. డీఎస్‌ఎల్‌ఆర్ లెన్స్ మామూలుగా పూర్తిగా తెరిచి ఉంటుంది, ఫొటో తీసే క్షణంలోనే మీరు పెట్టిన అంకెకి మూసుకుంటుంది. ప్రతిసారీ సరిగ్గా అంతే మూసుకోదు, వెంట్రుకవాసి తేడా ఉంటుంది. విడి ఫొటోల్లో అది ఎవరికీ కనిపించదు, వరసగా ఆడిస్తే కనిపిస్తుంది.

దీనికి రెండు దారులు. లెన్స్‌ని దాని అతి తక్కువ ఎఫ్ అంకె దగ్గరే, అంటే పూర్తిగా తెరిచే వాడితే రేకులు కదిలే పనే ఉండదు, మినుకు పోతుంది. కాకపోతే ఫోకస్ లోతు బాగా తగ్గిపోతుంది, బొమ్మ ముక్కు స్పష్టంగా ఉండి చెవులు మసకబారవచ్చు. రెండోది, అపర్చర్‌ని రింగుతో చేత్తో తిప్పే పాత మాన్యువల్ లెన్స్‌ని అడాప్టర్‌తో తగిలించడం. ఎఫ్8 దగ్గర పెడితే అక్కడే ఉండిపోతుంది, కెమెరా దాన్ని కదపలేదు. చిన్న బొమ్మలతో పని చేసేవాళ్లకి నా సలహా ఈ రెండోదే.

కిటికీ వెలుతురు అందంగా ఉంది కదా, దాంతో తీయకూడదా?

తీయకండి. 72 ఫొటోలకి రెండు మూడు గంటలు పడుతుంది, ఈలోపు సూర్యుడు కదులుతాడు, మబ్బు పడుతుంది. ఆరు సెకన్ల వీడియోలో మూడు గంటల ఆకాశం పరిగెత్తినట్టు ఉంటుంది. కిటికీకి మందపాటి అట్టో నల్ల గుడ్డో కట్టి, గది దీపం ఆర్పి, సెట్ లైట్లు మాత్రమే ఉంచండి. అవి వెలిగించాక ఓ పావుగంట ఆగి మొదలుపెట్టండి, కొన్ని బల్బులు వేడెక్కాకే స్థిరపడతాయి. ప్లాస్టిసిన్ లాంటి మట్టి బొమ్మలైతే ఎల్‌ఈడీలే వాడండి, వేడి బల్బుల కింద మట్టి మెత్తబడి చేతులు వాలిపోతాయి.

## బొమ్మని నిలబెట్టడం

బొమ్మ ఒంటికాలి మీద నిలబడట్లేదు. దేంతో పట్టి ఉంచాలి?

నడిచే బొమ్మ ప్రతి అడుగులో సగం ఫొటోలకి పైగా ఒంటికాలి మీదే ఉంటుంది, కాబట్టి పాదాన్ని నేలకి బిగించే ఏర్పాటు తప్పదు. దీన్ని టై-డౌన్ అంటారు.

అన్నిటికంటే గట్టిది స్క్రూ. బొమ్మ పాదంలో ఎం3 నట్టుని ఎపాక్సీ పుట్టీతో పొదిగి పెడతారు. సెట్ నేలకి రంధ్రం చేసి కింద నుంచి స్క్రూ ఎక్కించి ఆ నట్టులోకి బిగిస్తారు. స్క్రూ తలకి వింగ్ నట్ అతికించుకుంటే స్క్రూడ్రైవర్ లేకుండా వేళ్లతోనే తిప్పొచ్చు. దీనికి రెండు షరతులు ఉన్నాయి, టేబుల్ కిందకి మీ చెయ్యి వెళ్లేంత చోటు ఉండాలి, అడుగు ఎక్కడ పడుతుందో ముందే తెలిసి అక్కడ రంధ్రం ఉండాలి. రంధ్రాలు కెమెరాకి కనిపిస్తే నేల రంగు మట్టితో పూడ్చేయండి.

అయస్కాంతాలతో అయితే పని తొందరగా అవుతుంది. నేలగా పల్చటి ఇనుప రేకు వేసి, పాదంలో ఇనుప ముక్క పెట్టి, రేకు కింద నియోడిమియం అయస్కాంతం ఉంచాలి. ఎక్కడైనా అడుగు పెట్టొచ్చు. కానీ అయస్కాంతం పాదాన్ని పైకి లేవకుండా పట్టుకుంటుందే తప్ప పక్కకి జరగకుండా అంత గట్టిగా ఆపదు. నడుము వంచేటప్పుడు రెండో చేత్తో పాదం నొక్కి పట్టుకోవాలి.

తేలికపాటి బొమ్మ, నేల థర్మోకోల్ లేదా కార్క్ అయితే పాదంలోంచి గుండుసూది గుచ్చితే చాలు. బ్లూ టాక్ లాంటి జిగురు ముద్దలు నిలబడి మాట్లాడే బొమ్మకి ఫర్వాలేదు, నడిచే బొమ్మకి పనికిరావు. వేడికి మెల్లగా సాగుతాయి, బొమ్మ పడిపోదు గానీ ఇరవై ఫొటోల్లో రెండు డిగ్రీలు వాలిపోతుంది, ఆ సంగతి వీడియో ఆడించాకే తెలుస్తుంది.

ఒక అడుగు అయ్యాక ఏ స్క్రూ ముందు విప్పాలి?

కొత్త పాదం బిగించాకే పాతది విప్పాలి, ఎప్పుడైనా సరే. ముందు పాదం మడమ నేలకి తాకిన ఫొటో తీశాక, దాన్ని పూర్తిగా నేలకి ఆనించి కింద నుంచి బిగించండి. బొమ్మని వేలితో మెల్లగా నెట్టి చూడండి, పాదం కింద ఏ కదలికా లేకపోతేనే వెనక పాదం స్క్రూ తీయండి. బిగించేటప్పుడు స్క్రూతో పాటు పాదం కూడా తిరిగిపోతుంది, అందుకని పై నుంచి రెండు వేళ్లతో పాదాన్ని పట్టుకునే తిప్పాలి. అప్పుడు యాప్‌లో ఆనియన్ స్కిన్ వేసి, అంటే పాత ఫొటో నీడలా కనిపించేలా పెట్టి, తల, నడుము ఉన్నచోటే ఉన్నాయో లేదో చూసుకుని తర్వాతి పోజుకి వెళ్లండి.

చెయ్యి పెట్టినచోట ఉండట్లేదు, స్ప్రింగులా వెనక్కి వస్తోంది. కొన్నాళ్లకి తీగ తెగిపోతోంది కూడా.

వెనక్కి రావడానికి కారణం తీగ రకం. ఉక్కు తీగ వంచితే కొంత తిరిగొస్తుంది, మెత్తటి అల్యూమినియం తీగ చాలావరకు ఉన్నచోటే ఉంటుంది. ఇరవై సెంటీమీటర్ల బొమ్మ చేతులకి 1.5 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ రెండు పేటలు మెలేసి వాడండి, కాళ్లకి అంతకంటే లావుది కావాలి. బొమ్మ మీద కప్పిన స్పాంజి లేదా గుడ్డ బిగుతుగా ఉన్నా చెయ్యి వెనక్కి లాగుతుంది, మోచేతి దగ్గర లోపలి వైపు కొంచెం కత్తిరించి వదులు చేయండి.

తెగడం అనేది అల్యూమినియంతో తప్పదు. అటూ ఇటూ వంచినకొద్దీ లోహం పెళుసుబారుతుంది, ముందుగా తెగేది చీలమండ దగ్గర, ఎందుకంటే బరువంతా అక్కడే, వంపులన్నీ అక్కడే. ఎముకలుండే చోట తీగ చుట్టూ ఎపాక్సీ పుట్టీ పెట్టి, కీలు దగ్గర మాత్రం ఒక సెంటీమీటరు ఖాళీ వదిలితే వంపు ఒకే బిందువు మీద పడకుండా ఆ సెంటీమీటరంతా పంచుకుంటుంది, ఎక్కువ కాలం వస్తుంది. కీలు అలవాటు కంటే తేలిగ్గా వంగుతోందనిపిస్తే అది తెగబోతోందని గుర్తు. ఆ షాట్ అయిపోగానే మార్చేయండి.

బొమ్మ గెంతాలి. గాల్లో ఎలా ఆపాలి?

నడుము వెనక ఒక గట్టి తీగ గుచ్చి, దాని రెండో చివరని బరువైన దిమ్మకి బిగించి, తీగ మీద బొమ్మని నిలబెట్టండి. తర్వాత ఎడిటింగ్‌లో ఆ తీగని చెరిపేయాలి. చెరిపేస్తే దాని వెనక ఏం కనిపించాలి? ఖాళీ సెట్. అందుకే బొమ్మ పెట్టకముందే అదే కెమెరా, అదే లైట్లతో బొమ్మ లేని ఫొటో ఒకటి తీసి పెట్టుకోవాలి, దాన్ని క్లీన్ ప్లేట్ అంటారు. ఎడిటింగ్‌లో దాన్ని బొమ్మ ఫొటో కింద పొరగా పెట్టి, తీగ ఉన్న మేర చెరిపితే కింద నుంచి క్లీన్ ప్లేట్ కనిపిస్తుంది. తీగ నీడ నేల మీదో గోడ మీదో పడితే దాన్ని కూడా చెరపాల్సి వస్తుంది, కాబట్టి నీడ ఫ్రేములో పడకుండా దిమ్మని ఎటు పెట్టాలో ముందే చూసుకోండి. తీగ బొమ్మ ముఖానికి అడ్డం రాకూడదు, ఎప్పుడూ వెనక నుంచే రావాలి.

## షూట్ మధ్యలో

నలభై ఫొటోలయ్యాక బొమ్మ పడిపోయింది. మళ్లీ మొదట్నుంచా?

అక్కర్లేదు. చివరి ఫొటోని ఆనియన్ స్కిన్‌లో సగం పారదర్శకంగా పెట్టుకుని, ముందు పాదాలు, తర్వాత నడుము, తర్వాత భుజాలు, ఆఖరున తల, ఈ వరసలో కలుపుకుంటూ రండి. పైనుంచి మొదలుపెడితే నడుము సరిచేసేసరికి తల మళ్లీ పోతుంది. ఎంత చేసినా చిన్న తేడా మిగులుతుంది. దాన్ని దాచడానికి మంచి ఉపాయం, ఆ ఫొటో దగ్గర బొమ్మ ఏదో ఒక పెద్ద కదలికలో ఉండేలా చూడటం. నిలుపు మధ్యలో గెంతు వస్తే అందరికీ కనిపిస్తుంది, అడుగు మధ్యలో వస్తే కలిసిపోతుంది. నిలుపులో పడిపోతే మాత్రం ఆ నిలుపు మొదటికి వెళ్లి అక్కడి నుంచి తీయండి.

కెమెరాకి చెయ్యి తగిలింది. సరిచేయగలనా?

కొంచెమే జరిగితే ఆనియన్ స్కిన్‌లో బొమ్మని కాకుండా వెనకున్న కదలని వస్తువుల అంచులు చూసి కలపండి, గోడ మూల, పెట్టె అంచు లాంటివి. అవి నాలుగు మూలలా కలిస్తే కెమెరా వెనక్కి వచ్చినట్టే. అసలు ఇది రాకుండా స్టాండు కాళ్లని నేలకి టేపుతో అంటించండి, మధ్యలో బరువు వేలాడదీయండి, సెట్ ఉన్న టేబుల్‌ని గోడకి ఆనించండి. చెక్క నేల అయితే మీరు నడిచినప్పుడల్లా స్టాండు కింద వంగుతుంది, అలాంటిచోట మీ నిలబడే చోటు మారకపోవడం మరీ ముఖ్యం.

ఈ రోజు సగం, రేపు సగం తీయొచ్చా?

తీయొచ్చు, కానీ షాట్ మధ్యలో వద్దు. రాత్రంతా తీగల మీద నిలబడ్డ బొమ్మ కొంచెం కుంగుతుంది, మట్టి బొమ్మ ఇంకా ఎక్కువ కుంగుతుంది. ఉదయానికి స్టాండు తల కూడా వెంట్రుకంత వాలి ఉండొచ్చు. తప్పనిసరైతే ఒక పెద్ద కదలిక మొదలయ్యేచోట ఆపండి. లైట్లు ఎక్కడున్నాయో కాళ్ల చుట్టూ టేపు గుర్తులు పెట్టండి, కెమెరా అంకెలు రాసుకోండి. మర్నాడు లైట్లు వెలిగించి పావుగంటయ్యాక, నిన్నటి ఆఖరి పోజులోనే ఒక ఫొటో తీసి నిన్నటి దాని పక్కన పెట్టి వెలుతురు, రంగు చూడండి. ఆ రెండూ మార్చి మార్చి ఆడించినప్పుడు గెంతు కనిపించకపోతే అక్కడి నుంచి కొనసాగించండి, కనిపిస్తే బొమ్మని ముట్టుకోకముందే లైటు దగ్గర సరిచేయండి.